అప్పు ప్రకటనకు ఫొటోనా, బొమ్మనా?

నల్గొండలో ఒక బ్యాంకు బ్రాంచికి పంట రుణం పోస్టర్ చేస్తున్నా. మొదట రంగురంగుల బొమ్మలతో డిజైన్ చేశాను, నాకైతే తెగ నచ్చింది. తిప్పర్తి దగ్గర ఒక పెద్దాయనకు చూపిస్తే "ఇది పిల్లల పుస్తకమా బిడ్డా? ఫోన్ల అప్పులిచ్చెటోళ్లది గిట్లనే ఉంటది" అన్నాడు.

సరేనని నెట్‌లో కొన్న రైతు ఫొటో పెట్టాను. మెరిసే పళ్లు, ఇస్త్రీ చొక్కా, వెనకాల గోధుమ చేను! వరి, పత్తి, బత్తాయి పండే చోట అది చూడగానే అబద్ధమని తెలిసిపోతుంది. పోనీ ఊళ్లో రైతునే ఫొటో తీద్దామంటే, మొహం పడితే అప్పుల్లో ఉన్నాడంటారని ఎవరూ ఒప్పుకోలేదు, అదీ న్యాయమే.

చివరికి మొహం లేకుండా, పట్టాదారు పాసుబుక్ పట్టుకున్న చేతులు మాత్రం తీశాను, అడిగి ఒప్పుకున్నాకే. గోళ్లలో మట్టి అలాగే ఉంచాను, మేనేజర్ తీసెయ్యమన్నా వినలేదు. ఏ కాగితాలు తేవాలి, ఎవరిని కలవాలి అన్నది మాత్రం కింద గీతల బొమ్మలతోనే పెట్టాను, దాన్ని ఫొటోల్లో చెబితే గజిబిజి. వడ్డీ అంకె పక్కన ఏ బొమ్మా లేదు.

అదే బ్రాంచి చదువు రుణానికైతే బొమ్మలే వేస్తా, ఆ పిల్లలకు అలవాటే.