‘తెల్లవారితే శనివారం’: పెళ్ళి గ్రూపులో నా తప్పును సరిచేసుకున్న అనుభవం

మా చెల్లి పెళ్ళికి పది రోజుల ముందు బంధువుల వాట్సాప్ గ్రూపులో ముహూర్తం తప్పు పెట్టాను. గ్రూపులో 86 మంది ఉన్నారు. విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి తెనాలి రావాల్సినవాళ్ళే ఎక్కువ.

శుభలేఖలో ఉన్నది ఇది: ‘14వ తేదీ శుక్రవారం రాత్రి 2:40 గంటలకు (తెల్లవారితే శనివారం)’. పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది. అర్ధరాత్రి దాటి 2:40 అయినా అది ఇంకా శుక్రవారమే. ఫోనులో మాత్రం 12 దాటగానే 15, శనివారం వచ్చేస్తుంది. అందుకే తెల్లవారుజాము ముహూర్తాలకు సాధారణంగా ‘తెల్లవారితే’ అనే మాట వేస్తారు. నేను కార్డు పక్కన పెట్టుకోలేదు. ఫోన్ క్యాలెండర్‌లో 15 మీద పెట్టుకున్న గుర్తు చూసి, ‘ముహూర్తం 15 శనివారం రాత్రి 2:40’ అని రాసి పంపేశాను. చదివినవాళ్ళకు అది శనివారం పగలంతా గడిచాక వచ్చే రాత్రి. అంటే సరిగ్గా ఒక రోజు ఆలస్యం.

మధ్యాహ్నం 2 గంటలకు పెట్టాను. సాయంత్రం 5 గంటలకు విశాఖ నుంచి మేనత్త ఫోన్ చేసింది. ‘అమ్మాయ్, మీ మామయ్య శనివారం పొద్దున ట్రైన్‌కి టికెట్లు తీశారే. సాయంత్రానికి దిగిపోతాం, ముహూర్తం రాత్రికే కదా’ అంది. నాకు అప్పుడు అర్థమైంది. వాళ్ళు వచ్చేసరికి పెళ్ళి అయిపోయి, అప్పగింతలు కూడా అయిపోతాయి.

గ్రూపు తెరిచి చూస్తే 40 మందికి పైగా చదివేశారు. పది మంది దాకా నమస్కారాలు, పూలు పెట్టారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

మొదట వచ్చిన ఆలోచన ఆ మెసేజ్‌నే దిద్దేయాలని. కానీ వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను ఎడిట్ చేయడానికి 15 నిమిషాలే గడువు, అది ఎప్పుడో దాటిపోయింది. అందరి ఫోన్లలోంచీ తీసేసే డిలీట్‌కు రెండు రోజులకు పైనే గడువు ఉంటుంది కాబట్టి ఆ దారి తెరిచే ఉంది. కానీ తీసేస్తే, చదివిన 40 మంది తలలో ఉన్న శనివారం రాత్రి పోదు కదా. ‘మెసేజ్ తొలగించారు’ అన్న గుర్తు ఒకటి మిగులుతుంది, దాన్ని చూసి ఏం మారిందో ఎవరూ ఊహించలేరు. కాబట్టి కొత్తగా ఒక సవరణ రాయక తప్పదు.

రాయడం మొదలుపెట్టాను. చేతులు వణుకుతున్నాయి, టెన్షన్‌లో పేజీ అయింది. అది ఇలా ఉంది: ‘పెద్దలందరికీ నమస్కారం. దయచేసి అందరూ నన్ను పెద్ద మనసుతో క్షమించాలి. మధ్యాహ్నం హడావుడిలో, పెళ్ళి పనుల ఒత్తిడిలో నేను ముహూర్తం శనివారం రాత్రి అని పెట్టాను. ఇంత ముఖ్యమైన విషయంలో ఇలా జరిగినందుకు చాలా బాధగా ఉంది...’ ఇంకా నాలుగు వాక్యాలు సాగి, అసలు ముహూర్తం చివర్లో వచ్చింది.

పంపే ముందు అక్కకు చూపించాను. తను చదివి, ‘ఇందులో ముహూర్తం ఎక్కడుంది? వెతుక్కోవాల్సి వస్తోంది’ అంది. తర్వాత ఇంకో మాట చెప్పింది: ‘ఫోన్ తెరవకుండా పైపైన చూసేవాళ్ళకు మొదటి రెండు లైన్లే కనపడతాయి. నీ రెండు లైన్లలో క్షమాపణే ఉంది. కిందికి వెళ్ళి చూస్తే, ముందుగా కనిపించేది మళ్ళీ శనివారం రాత్రే.’

ఆ రెండో మాట నాకు బాగా పట్టింది. తప్పును చెప్పడానికి ఆ తప్పును మళ్ళీ రాశాను. సగం చదివి ఫోన్ పక్కన పెట్టేవాళ్ళకు అదే ఇంకోసారి గుర్తుండిపోతుంది. నా బాధ మొదట పెట్టడం వల్ల ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అంత ప్రాధేయపడితే 86 మందిలో ప్రతి ఒక్కరూ ‘పర్లేదమ్మా’ అని జవాబు ఇవ్వాల్సిన మొహమాటంలో పడతారు. ఆ జవాబులన్నీ వచ్చి పడితే అసలు సవరణ పైకి జరిగిపోతుంది.

కార్డు తెచ్చి ముందు పెట్టుకుని మళ్ళీ రాశాను. అక్క ఒక్కో లైనూ కార్డుతో సరిచూసింది. చివరికి పంపింది ఇది:

‘సవరణ: ముహూర్తం 15 శనివారం తెల్లవారుజామున 2:40. అంటే శుక్రవారం రాత్రి పన్నెండు దాటాక.
మధ్యాహ్నం నేను రోజు తప్పు రాశాను, క్షమించండి.
అందరూ 14 శుక్రవారం సాయంత్రానికి మండపానికి చేరుకోవాలి.
టికెట్లు తీసుకున్నవాళ్ళు నాకు ఫోన్ చేయండి. మధ్యాహ్నం మెసేజ్ వేరే గ్రూపులకు పంపినవాళ్ళు ఇది కూడా పంపండి.’

క్షమాపణ ఒక్క మాట. అది రెండో లైన్లో, తప్పు ఎవరిదో చెప్పే వాక్యంలోనే ఉంది. ‘తప్పు దొర్లింది’ అని రాయలేదు, ‘నేను తప్పు రాశాను’ అని రాశాను. పెళ్ళి పనుల ఒత్తిడి సంగతి తీసేశాను. అది నిజమే అయినా, చదివేవాళ్ళకు టికెట్ మార్చుకోవడంలో అది ఉపయోగపడదు. మూడో లైను మీద మాత్రం చాలాసేపు ఆగాను. 2:40 అని ఎంత సరిగా రాసినా, మనిషి మనసులో లెక్కేసుకునేది ‘ఏ రోజు బయల్దేరాలి’ అనే. శుక్రవారం సాయంత్రం అన్న మాట పడ్డాక ఇంక ఏ లెక్కా తప్పదు.

దీన్ని పాత మెసేజ్‌కు రిప్లైగా పెట్టలేదు. అలా పెడితే పైన చిన్న పెట్టెలో ఆ తప్పు రోజే మళ్ళీ కనిపిస్తుంది. విడిగా పెట్టాను. ఐదు నిమిషాలు ఆగి, ఆ తర్వాతే పాతదాన్ని అందరి ఫోన్లలోంచీ తీసేశాను. వరుస ఇదే ఎందుకంటే, ముందే తీసేస్తే మధ్యలో గ్రూపు తెరిచినవాళ్ళు ఏమైందో తెలియక ఫోన్లు మొదలుపెడతారు. అసలు తీసేయకపోతే, ఆలస్యంగా చూసేవాళ్ళు పైనుంచి చదువుకుంటూ వచ్చి తప్పు దగ్గరే ఆగిపోవచ్చు. సవరణను గ్రూపు పైన పిన్ చేశాను. 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని అడుగుతుంది. పెళ్ళికి పది రోజులు ఉంది కాబట్టి 30 ఎంచుకున్నాను.

హైదరాబాద్ బాబాయి వెంటనే రాశారు: ‘కార్డు చూసి రాయాలి కదమ్మా.’ వేలు కీబోర్డు మీదకు వెళ్ళింది, క్యాలెండర్ సంగతంతా చెప్పుకోవాలనిపించింది. ‘అవును బాబాయ్, చూసి రాయాల్సింది’ అని మాత్రం పెట్టాను. ఆయన మళ్ళీ ఏమీ అనలేదు. ఇద్దరు ముగ్గురు ‘పర్లేదు’ అన్నారు, వాళ్ళకు చేతులు జోడించిన గుర్తు పెట్టి వదిలేశాను. ఇంకోసారి క్షమాపణ రాయలేదు.

రాత్రి 9 గంటలకు ఆ సవరణను నొక్కి పట్టుకుని ఇన్ఫో చూశాను. గ్రూపులో ఎవరెవరు చదివారో, ఎవరికి చేరింది కానీ చదవలేదో అక్కడ పేర్లతో కనిపిస్తుంది. 19 మంది ఇంకా చదవలేదు. వాళ్ళకు అక్కా నేనూ పంచుకుని ఫోన్లు చేశాం. చదివినట్టు చూపించినవాళ్ళలో కూడా ముగ్గురికి చేశాం. వాళ్ళు పెద్దవాళ్ళు, ఫోన్ మనవళ్ళ చేతుల్లో ఉంటుంది. మెసేజ్ తెరుచుకున్నంత మాత్రాన వాళ్ళు చదివినట్టు కాదు. అనుకున్నట్టే ఒక తాతయ్యగారికి విషయం అసలు తెలియలేదు.

నేను గట్టిగా భయపడింది ఫార్వర్డ్‌ల గురించి. గ్రూపులోంచి నేను తీసేసినా, ఎవరైనా బయటికి పంపిన కాపీ అలాగే ఉంటుంది. పిన్ని మధ్యాహ్నమే తన అత్తగారి వైపు గ్రూపులో పెట్టిందట. సవరణలో చివరి లైను చూసి అక్కడ కూడా పెట్టింది. ఆ లైను రాయకపోతే తనకు ఆ గ్రూపు సంగతి గుర్తొచ్చేది కాదని తనే చెప్పింది.

టికెట్లు తీసుకున్నది రెండు కుటుంబాలు: మేనత్తవాళ్ళు, పిన్ని అత్తగారి వైపు ఒకరు. వాళ్ళకు గ్రూపులో కాకుండా ఫోన్‌లో విడిగా చెప్పాను. క్షమాపణ పూర్తిగా చెప్పాల్సిన చోటు అదేనని నా నమ్మకం, ఎందుకంటే నా తప్పు వల్ల నష్టపోయింది వాళ్ళే. మామయ్యతో ‘నా వల్ల మీకు డబ్బులు పోయాయి మామయ్యా, రద్దు చేసినందుకు ఎంత కట్ అయిందో చెప్పండి, పంపిస్తాను’ అన్నాను. వద్దన్నారు. ‘శుక్రవారానికి దొరకడమే ముఖ్యం, అది చూడు’ అన్నారు. ఆ రాత్రే కూర్చుని శుక్రవారం ట్రైన్లు వెతికి, దొరికిన దాంట్లో బుక్ చేశాను. ఆ టికెట్ల డబ్బులు మాత్రం నన్నే పెట్టుకోనిచ్చారు.

శుక్రవారం మధ్యాహ్నం ఇంకో తప్పు చేశాను. స్టేషన్ నుంచి మండపానికి పెట్టిన బస్సు 4:30కి అయితే 5:30 అని రాశాను. నాలుగు నిమిషాల్లో చూసుకున్నాను కాబట్టి ఈసారి ఎడిట్ చేయగలిగాను. కానీ ఎడిట్ చేస్తే ఎవరి ఫోనూ కొత్తగా మోగదు. ఇన్ఫోలో అప్పటికే తొమ్మిది మంది చదివినట్టు ఉంది. వాళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళి చూడరు. అందుకని కింద ఒక్క లైను పెట్టాను: ‘బస్సు 4:30కి. పైన సరిచేశాను.’ క్షమించండి అని కూడా రాయలేదు, అప్పటికింకా ఎవరూ స్టేషన్‌లో దిగలేదు.

మేనత్త ట్రైన్‌లోంచి ‘సరే అమ్మా, 4:30’ అని జవాబు పెట్టింది.