దోహాలో మూడో అంతస్తు, ఒక షీటు, కార్మికుల శుక్రవారం

నేను దోహాకి వచ్చింది హెల్పర్‌గా కాదు, ప్లానింగ్ అసిస్టెంట్‌గా. మాది జగిత్యాల పక్కన ఊరు. ఏసీ పనులు చేసే ఒక సబ్‌కాంట్రాక్ట్ కంపెనీలో నా పనల్లా ఒకటే. సైట్‌లో ఏ పని ఎవరి చేతిలో ఉంది, ఎంతవరకు వచ్చింది అనేది ఎక్సెల్ షీటులో పెట్టి ప్రతి గురువారం మేనేజర్‌కి వారం లెక్క ఇవ్వడం. వినడానికి చిన్న ఉద్యోగమే. కానీ ఆ షీటులో తప్పు అంకె పడితే ఎవరి నిద్ర పోతుందో, ఎవరి సెలవు పోతుందో మూడో అంతస్తు విషయంలో నా కళ్లతో చూశాను.

మూడో అంతస్తులో ఏసీకి చల్లటి నీళ్లు తీసుకెళ్లే చిల్డ్ వాటర్ పైపు 240 మీటర్లు వేయాలి. నాకంటే ముందున్నతను షీటులో దానికి ఒకే వరుస పెట్టాడు: పని పేరు, ఓనర్, స్టేటస్, శాతం. శాతం ఎక్కడి నుంచి వస్తుందంటే ఫోర్‌మన్ అన్న నోటి నుంచి. ఆయనది నిజామాబాద్ వైపు, గల్ఫ్‌లో చాలా ఏళ్ల అనుభవం. ఒక గురువారం 70 అన్నాడు, తర్వాతి వారం 75, ఆ తర్వాత 78. నేను వెళ్లి తల పైకెత్తి చూస్తే కారిడార్ నిండా సపోర్టులు కనిపిస్తున్నాయి, పైపు మాత్రం సగం దాకానే ఉంది. ‘అన్నా, ఇది 78 ఎట్లయితది?’ అని అడిగితే, ‘తమ్మీ, తక్కువ రాస్తే మీటింగ్‌ల నన్నే నిలబెడ్తరు. జర ఎక్కువనే రాయి, వచ్చే వారం కవర్ చేస్త’ అన్నాడు. ఆయన అబద్ధాలకోరు కాదు. తక్కువ అంకె చెప్పిన ప్రతిసారీ తిట్లు పడితే ఏ మనిషైనా అంతే చెబుతాడు.

అందుకే ఆ ఒక్క వరుసను ఏడు వరుసలు చేశాను: డ్రాయింగ్, మెటీరియల్, మార్కింగ్, సపోర్టులు, పైపు బిగించడం, ప్రెషర్ టెస్ట్, ఇన్సులేషన్. టెస్ట్ కాకముందు ఇన్సులేషన్ చుట్టకూడదు, చుడితే లీకు ఎక్కడుందో కనబడదు. కాబట్టి ఆ రెండూ వేర్వేరు వరుసల్లో ఉండాల్సిందే. పైపు వరుసలో శాతాన్ని ఎవరినీ అడగకుండా టేపుతో కొలిచి రాశాను. బిగించింది 120 మీటర్లు, అంటే 50 శాతం. మొదటి నాలుగు పనులూ పూర్తయ్యాయి కాబట్టి వాటికి 100. టెస్ట్, ఇన్సులేషన్ సున్నా.

అక్కడే నేనూ ఒక తప్పు చేశాను. మొత్తానికి AVERAGE పెట్టాను. 64 శాతం వచ్చింది. 78 కంటే నయమే అనిపించింది కానీ మనసు ఒప్పలేదు. మార్కింగ్ ఇద్దరు మనుషులు రెండు రోజుల్లో తేల్చే పని. పైపు బిగించడం వారాల పని. రెండింటికీ ఒకే విలువ ఇస్తే, చిన్న పనులు ముందే అయిపోతాయి కాబట్టి అంకె మొదట్లో ఎగిరి చివర్లో పాకుతుంది. అందుకని ఇంకో కాలమ్ కలిపాను: ఆ పనికి ఎన్ని మ్యాన్‌డేలు పడతాయి అని. ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక మ్యాన్‌డే. ఫోర్‌మన్ అన్నతో, మా మలయాళీ ఇంజినీర్ గారితో కూర్చుని వేసిన అంచనా ఇది. డ్రాయింగ్ 6, మెటీరియల్ 2, మార్కింగ్ 4, సపోర్టులు 18, పైపు 80, టెస్ట్ 10, ఇన్సులేషన్ 40. మొత్తం 160. D లో మ్యాన్‌డేలు, E లో శాతం పెట్టి ఈ ఫార్ములా వేశాను:

```
=SUMPRODUCT(D2:D8,E2:E8)/SUM(D2:D8)
```

వచ్చిన జవాబు 44 శాతం. మొదటి నాలుగు పనులవి 30 మ్యాన్‌డేలు, పైపులో సగానికి 40, కలిపి 70. అంటే 160లో 70. అదే అంతస్తు, అదే రోజు. నోటి మాటకి 78, ఉత్త సగటుకి 64, మ్యాన్‌డేల బరువుతో లెక్కిస్తే 44.

ఆ అంకె మేనేజర్ ముందు పెట్టినప్పుడు ఆయన మొదట అన్న మాట, ‘ఇక శుక్రవారం కూడా పని పెట్టండి’ అని. ఇక్కడ మాకు వారంలో ఉండే సెలవు శుక్రవారం ఒక్కటే. క్యాంపులో ఆ రోజే బట్టలు ఉతుక్కోవడం, వంట, ఇంటికి వీడియో కాల్. బక్రీద్‌కో దసరాకో ఊరికి పోలేనివాళ్లకి ఆ గంటే పండగ. నలుగురు పైపు ఫిట్టర్ల శుక్రవారాలు నా షీటులోని ఒక్క అంకెతో పోబోతున్నాయి. నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. రెండు రోజులు గడువు అడిగాను.

ఆ రెండు రోజుల్లో చేసిన పనే వారం లెక్క. దీనికి ముఖ్యంగా కావాల్సింది పోయిన వారం అంకె. మా పాత షీటులో వారం లెక్క పేజీ నేరుగా పనుల పేజీకే ముడిపడి ఉండేది. ఇవాళ శాతం మారిస్తే పోయిన వారం అంకె కూడా మారిపోతుంది. గతం అనేదే మిగలదు. అందుకని ప్రతి గురువారం మధ్యాహ్నం రెండింటికి షీటు ఆపి, శాతాల కాలమ్‌ను కాపీ చేసి, History అనే పేజీలో తేదీతో Paste Values చేయడం మొదలుపెట్టాను. ఫార్ములా కాకుండా అంకె మాత్రమే అతుక్కుంటుంది, ఇక మారదు. అదృష్టం కొద్దీ అంతకు ముందు గురువారం ఫోర్‌మన్ అన్న చిన్న నోట్‌బుక్కులో పైపు మీటర్లు రాసి ఉన్నాయి: 96.

అంటే వారంలో 24 మీటర్లు. 240 మీటర్లకి 80 మ్యాన్‌డేలని అంచనా వేశాం, అంటే మనిషికి రోజుకి 3 మీటర్లు. నలుగురు, ఆరు రోజులు, 24 మ్యాన్‌డేలు. 72 మీటర్లు రావాలి. వచ్చింది మూడో వంతు. మనుషులు రోజూ వచ్చారు, హాజరు రిజిస్టర్‌లో సంతకాలున్నాయి. మరి పని ఎటు పోయింది?

నిచ్చెనెక్కి చూస్తే తెలిసింది. కారిడార్ రెండో సగంలో మా పైపు పోవాల్సిన దారిలోనే ఎలక్ట్రికల్ వాళ్లు కరెంటు వైర్లు పరిచే కేబుల్ ట్రే వచ్చి కూర్చుంది. మా వాళ్లు దాని చుట్టూ పైపు తిప్పడానికి ప్రయత్నించడం, ఇంజినీర్ వచ్చి వద్దనడం, విప్పడం, ఇంకో మూలకి పోవడం. రోజంతా చెమటోడ్చినా షీటులో పైసా కదలిక లేదు. పాత షీటులో ఆ పని స్టేటస్ మాత్రం మూడు వారాలుగా In Progress. ఆ మాట కింద ఏదైనా దాక్కోవచ్చు. Blocked అనే స్టేటస్ ఆ రోజే కలిపాను. Blocked పెడితే పక్కన కారణం, దాన్ని తీసేయాల్సిన మనిషి పేరు రాయక తప్పదు. అలాగే Done అని రాయాలంటే కన్సల్టెంట్ తనిఖీ కాగితం మీద సంతకం పడాలి. పని అయిపోయి సంతకం కోసం చూస్తుంటే అది Waiting Inspection మాత్రమే.

పేరు దగ్గర ఇంకో చిక్కు. ఓనర్ కాలమ్‌లో అంతకుముందు ‘సైట్ టీమ్’ అని ఉండేది, అంటే ఎవరూ కాదన్నమాట. పేర్లు రాద్దామంటే మా సైట్‌లో మహ్మద్‌లు చాలామంది. ఆ ఒక్క పేరునే ఒకరు Mohammed అని, ఇంకొకరు Mohamed అని, మరొకరు Muhammad అని కొడతారు. మనిషి వారీగా పనులు లెక్కపెట్టడానికి COUNTIFS వేస్తే ఒకే మనిషి ముగ్గురుగా విడిపోయి, ఎవరి మీద ఎన్ని పనులు ఆగాయో తేలదు. అందుకని ఓనర్‌గా కంపెనీ ఐడీ నంబర్ పెట్టాను, అదీ Data Validation జాబితా నుంచి ఎంచుకునేలా. ఒక వరుసకి ఒక్క నంబరే.

మిగిలిన రోజుల లెక్కలోనూ ఇక్కడికి తగ్గ మార్పు ఒకటి చేయాలి. పనిదినాలు లెక్కపెట్టడానికి NETWORKDAYS అని మామూలుగా వేస్తే ఎక్సెల్ శని, ఆదివారాలను సెలవు అనుకుంటుంది. మాకు అవి పనిదినాలు. F2 లో అప్పగించే తేదీ పెట్టి, శుక్రవారం ఒక్కటే సెలవని చెప్పడానికి చివర 16 వేయాలి:

```
=NETWORKDAYS.INTL(TODAY(),F2,16)
```

అప్పగించే తేదీకి ఐదు వారాలుంది. పాత ఫార్ములా 25 రోజులు చూపిస్తోంది, నిజానికి ఉన్నవి 30.

శనివారం మీటింగ్‌లో మేనేజర్ ముందు ఇంతే పెట్టాను. మిగిలింది 90 మ్యాన్‌డేల పని. నలుగురు అంచనా ప్రకారం చేస్తే వారానికి 24, అంటే నాలుగు వారాల లోపే. ఇప్పటిలా వారానికి 24 మీటర్లే, అంటే 8 మ్యాన్‌డేల పని చొప్పున పోతే పదకొండు వారాలు దాటుతుంది. శుక్రవారాలు కలిపితే వారానికి నాలుగు మ్యాన్‌డేలు పెరుగుతాయి, కానీ ట్రే అడ్డం ఉన్నంతకాలం అందులోనూ మూడో వంతే పనికొస్తుంది. ‘సర్, కావాల్సింది శుక్రవారం కాదు. ట్రే జరపాలి’ అన్నాను. ఆయన షీటు వైపు కాసేపు చూసి, అక్కడి నుంచే ఎలక్ట్రికల్ ఇంజినీర్‌కి ఫోన్ చేశారు. సోమవారానికి ట్రే పక్కకి జరిగింది. శుక్రవారం పని మాట మళ్లీ రాలేదు.

ఈ లెక్కకి హద్దులు లేకపోలేదు. మీటర్లలో కొలిస్తే తిన్నగా పోయే పైపూ, వాల్వులూ బెండులూ ఉన్న మూల పైపూ ఒకటే అయిపోతాయి. తిన్నని భాగం ముందు వేసి కష్టమైనది చివరికి ఉంచితే, ఆఖరి మీటర్లు మళ్లీ నెమ్మదిస్తాయి. మేం చివరి 60 మీటర్ల దగ్గర అది చూశాం. ఇంకొకటి, మధ్యలో కొత్త పని కలిస్తే మొత్తం పెరిగి శాతం తగ్గుతుంది. ఆ వారం పక్కన కారణం రాయకపోతే ఫోర్‌మన్ పని చేయలేదనుకుంటారు. అందుకే మ్యాన్‌డేల కాలమ్‌లో ఎవరు అంకె మార్చినా తేదీ, కారణం రాయాలని పట్టుబట్టాను.

ఆ తర్వాతి గురువారం రెండు కాకముందే ఫోర్‌మన్ అన్న ఆఫీసు కంటైనర్‌లోకి వచ్చాడు. చేతిలో అదే నోట్‌బుక్కు, మోచేతుల దాకా దుమ్ము. ట్రే జరిగాక దొరికింది నాలుగు రోజులే అయినా మనుషులు గట్టిగానే చేశారు. నేను అడగకముందే కుర్చీ లాక్కుని కూర్చుని, ‘తమ్మీ, 165 మీటర్లు. టేపు పెట్టి కొలిచిన. ఒక్కటి తక్కువ లేదు, ఒక్కటి ఎక్కువ లేదు, రాసుకో’ అన్నాడు.