మందుల షాపులో స్టాక్ రికార్డు చూసి ఎక్స్‌పైరీ లిస్టు తీశా, నా అనుభవం

నేను ఫార్మసిస్టుని, తాడేపల్లిగూడెంలో ఒక మెడికల్ షాపులో చేస్తున్నా. ఎండాకాలం అయిపోయే ముందు స్టాక్ మొత్తం ఒకసారి చూసి, డేట్ దగ్గరపడ్డ బ్యాచ్‌లు, స్టోరేజీ తేడా ఉన్న బ్యాచ్‌లు విడిగా తీసి, ఒక్కో దానికి ఇంకా ఎన్ని రోజులుందో రాసి డిస్ట్రిబ్యూటర్‌కి రిటర్న్ లిస్టు ఇవ్వాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నియర్ ఎక్స్‌పైరీ రిపోర్ట్ అని ఉంటుంది కానీ అది డేట్ ఒక్కటే చూస్తుంది, మందు ఎక్కడ పెట్టాం అనేది దానికేం తెలుసు. అందుకే స్టాక్‌ని ఎక్సెల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకుని నేనే చేశాను, చేసింది చేసినట్టు రాస్తున్నా, ఇదే పనిలో ఉన్న వాళ్ళకి పనికొస్తుందని.

ముందుగా డేట్ సంగతి. మన దగ్గర స్ట్రిప్ మీద EXP 08/25 అని నెల, సంవత్సరం మాత్రమే ఉంటుంది, రోజు ఉండదు. డ్రగ్స్ రూల్స్ 1945 లో రూల్ 96 ప్రకారం ఆ నెల ఆఖరి రోజు దాకా వాడొచ్చని అర్థం, అంటే 08/25 అంటే ఆగస్టు 31, ఒకటో తారీఖు కాదు. ఇది అందరికీ తెలిసిందే, కానీ ఎక్సెల్‌కి తెలీదు. ఆ కాలమ్‌ని అది డేట్‌గా మార్చుకుంటే నెల ఒకటో తారీఖు తీసుకుంటుంది, అప్పుడు ప్రతి బ్యాచ్‌కీ దాదాపు నెల రోజులు తక్కువ చూపిస్తుంది. ఇంకా ఘోరం ఏంటంటే కంప్యూటర్‌లో డేట్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే 08/27 ని ఈ సంవత్సరం ఆగస్టు 27 అనుకుంటుంది, రెండేళ్ళు ఆయుష్షున్న మందు కాస్తా ఎక్స్‌పైరీ లిస్టులో పడిపోతుంది.

బ్యాచ్ నంబర్‌ది ఇంకో గొడవ. 24E07 లాంటి బ్యాచ్ ఉందనుకోండి, ఎక్సెల్ దాన్ని అంకె అనుకుని 2.40E+08 చేసేస్తుంది, ముందు సున్నా ఉంటే అదీ ఎగిరిపోతుంది. రిటర్న్‌లో బ్యాచ్ నంబర్ ఒక్క అక్షరం తేడా ఉన్నా స్టాకిస్ట్ ఆ లైన్ తీసుకోడు, ఇంతకుముందు ఇలాంటివి వెనక్కి వచ్చాయి, తిట్టుకుని ఏం లాభం, వాళ్ళ దగ్గర ఇన్‌వాయిస్‌లో ఉన్న బ్యాచ్‌తో కలవాలి కదా. కాబట్టి ఫైల్ డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, Data లో From Text/CSV నుంచి తెచ్చుకుని బ్యాచ్ కాలమ్, ఎక్స్‌పైరీ కాలమ్ రెండూ టెక్స్ట్‌గా పెట్టాను. తర్వాత D లో ఉన్న 08/25 నుంచి E లో నెలాఖరు తేదీ, F లో మిగిలిన రోజులు:

```
E2: =EOMONTH(DATE(2000+RIGHT(D2,2),LEFT(D2,2),1),0)
F2: =E2-$K$1
```

K1 లో నేను చూసిన తేదీ, 10 జూన్ 2025, చేత్తో కొట్టాను. TODAY() పెడితే రేపు తెరిచినప్పుడు అంకెలన్నీ మారతాయి, డిస్ట్రిబ్యూటర్‌కి పంపిన కాగితం మీద ఒకటి, మన ఫైల్లో ఇంకోటి ఉంటుంది, అది వద్దు. E కాలమ్ ఫార్మాట్ డేట్‌లో పెట్టుకోవాలి. F కాలమ్ ఫార్మాట్ నంబర్‌లో ఉండాలి, లేకపోతే 82 రోజులు బదులు ఏదో 1900 నాటి తేదీ కనబడుతుంది.

సరిచూసుకోడానికి ఒకటి చేత్తో లెక్కేశా. టెల్మిసార్టన్ 40, EXP 08/25. జూన్‌లో మిగిలినవి 20, జూలై 31, ఆగస్టు 31, మొత్తం 82. ఫైల్లో కూడా 82 వచ్చింది, అప్పుడే మిగతావాటిని నమ్మాను. ఒకటో తారీఖు లెక్కలో అయితే ఇది 52 వచ్చేది.

90 రోజుల లోపు ఉన్నవి విడిగా తీశా. ఈ 90 మా షాపు పద్ధతి మాత్రమే, రిటర్న్ ఎప్పుడు తీసుకుంటారనేది కంపెనీని బట్టి మారుతుంది, కొందరు ముందే తీసుకుంటారు, కొందరు ఎక్స్‌పైరీ అయ్యాకే అంటారు, అది స్టాకిస్ట్‌ని అడిగే రాసుకోవాలి. కానీ అమ్మాలా వద్దా అనేది వేరే లెక్క. బీపీ మాత్రలు ఒక నెలకి తీసుకెళ్ళే ఆయనకి ఈ 82 రోజుల స్ట్రిప్ ఇవ్వొచ్చు, వాడేస్తాడు. అమెరికా నుంచి వచ్చి తిరిగి వెళ్తూ అమ్మానాన్నల కోసం ఆరు నెలలకి సరిపడా కొనిపెట్టే వాళ్ళకి మాత్రం ఇవ్వకూడదు, బిల్లు రోజున డేట్ ఉన్నా వాడే రోజుకి ఉండదు. అమోక్సిసిలిన్ క్లావులనేట్ డ్రై సిరప్ ఒకటి EXP 06/25 ఉంది, 20 రోజులు, దాన్ని నీళ్ళు కలిపాక ఫ్రిజ్‌లో పెట్టి వారం రోజుల్లో అవగొడతారు కాబట్టి ఆ వారం చివరి డోసు దాకా కూడా డేట్ లోపలే ఉంటుంది. అందుకే మిగిలిన రోజులతో పాటు ఆ మందు ఎన్నాళ్ళు వాడతారు అనేది కూడా చూడాలి.

ఇంకోటి, ఒకే మందు రెండు బ్యాచ్‌లు ఉన్నప్పుడు తర్వాత వచ్చిన లోడ్‌లో డేట్ తక్కువ ఉండటం మామూలే. ముందు వచ్చింది ముందు అమ్మేద్దాం అనుకుంటే ఆ తక్కువ డేట్ ఉన్నది వెనకాలే ఉండిపోతుంది. వచ్చిన తేదీ కాదు, డేట్ ముందు అయిపోయేదే ర్యాక్‌లో ముందుకి పెట్టాలి.

ఇక స్టోరేజీ. అసలు ఇది రాయాలనిపించిందే దీని గురించి. స్ట్రిప్ మీద డేట్ అనేది లేబుల్ మీద చెప్పినట్టు పెడితేనే లెక్క, 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాల్సింది మా ఊరి మే నెల ఎండలో ర్యాక్‌లో ఉంటే ఆ డేట్‌కి అర్థమే లేదు. నేను స్టాక్‌కి రెండు కాలమ్‌లు కలిపాను, G లో లేబుల్ మీద ఏముందో, H లో అది షాపులో ఎక్కడుందో. G నింపడానికే ఎక్కువ టైమ్ పట్టింది, ఎందుకంటే దాన్ని మందు పేరు చూసి నింపకూడదు. లాటనోప్రోస్ట్ కంటి చుక్కలే తీసుకోండి, గ్లకోమాకి వాడతారు. చాలా కంపెనీలది సీల్ తీయకముందు ఫ్రిజ్‌లో ఉండాలి, తీశాక బయట కొన్ని వారాలు వాడుకోవచ్చు. కానీ బయట ఉంచినా పర్లేదని తయారు చేసినవి కూడా మార్కెట్‌లో ఉన్నాయి. మందు ఒకటే, డబ్బా మీద రూలు వేరు. కాబట్టి ప్రతి డబ్బా తిప్పి చదివి ఉన్నది ఉన్నట్టు రాయాల్సిందే.

అలా చదువుతుంటేనే దొరికింది. కంటి చుక్కల అరలో మిగతావాటితో పాటు ఒక లాటనోప్రోస్ట్ బ్యాచ్, EXP 11/26. లెక్కలో 538 రోజులు మిగిలి ఉంది, డేట్ రిపోర్ట్‌లో ఎప్పటికీ రాదు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో 2 నుంచి 8 డిగ్రీలు అని ఉంది. పక్కనే ఇంకో కంపెనీది, బయట పెట్టొచ్చు అన్నది, అదే సైజు డబ్బా, లోడ్ సర్దినప్పుడు రెండూ ఒకే చోటకి వెళ్ళిపోయాయి. అది ఎన్నాళ్ళు బయట ఉందో ఎవరికీ తెలీదు, మళ్ళీ ఫ్రిజ్‌లోకి మార్చేస్తే సరిపోతుంది కదా అని హెల్పర్ కుర్రాడు అడిగాడు, సరిపోదురా అన్నాను, చుక్క రంగు మారదు, వాసన రాదు, బాగానే ఉందనిపిస్తుంది, కానీ కంట్లో ప్రెషర్ తగ్గాల్సినంత తగ్గకపోతే ఆ పేషెంట్‌కి తెలిసేసరికి చూపు పోతుంది, పోయింది తిరిగి రాదు. ఓనర్ అన్నకి చెప్తే ఒక్క మాట కూడా ఎదురు అనలేదు, పక్కన పెట్టేయమన్నాడు.

అందుకే రెండు రకాల తేడాల్ని ఒకే కాలమ్‌లో పెట్టొద్దు అంటాను. ఒకే ఫార్ములాలో ముందు డేట్ చూసి తర్వాత స్టోరేజీ చూస్తే, డేట్ దగ్గరపడ్డ బ్యాచ్‌కి స్టోరేజీ తేడా కూడా ఉంటే మొదటిదే కనబడి రెండోది దాక్కుంటుంది. G కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టి ఫ్రిజ్ మందులకి 2-8 అని కొట్టాలి, లేకపోతే ఎక్సెల్ దాన్ని కూడా తేదీగా మార్చేస్తుంది, ఫార్ములా పట్టుకోదు. H లో ఫ్రిజ్‌లో ఉన్నవాటికి FRIDGE అని రాశా. నేను ఇలా వేరుగా పెట్టాను:

```
I2: =IF(F2<0,"EXPIRED",IF(F2<=90,"NEAR","OK"))
J2: =IF(AND(G2="2-8",H2<>"FRIDGE"),"STORAGE","OK")
```

F సున్నా అయితే ఆ రోజే ఆఖరి రోజు, ఇంకా డేట్ అయిపోలేదు, అందుకే సున్నా కంటే తక్కువైతేనే EXPIRED అని పెట్టా. I లేదా J ఏదో ఒకటి OK కాకపోతే ఆ బ్యాచ్ లిస్టులోకి వస్తుంది, మిగిలిన రోజుల ప్రకారం వరసగా పేర్చాను.

ఫ్రిజ్‌లో ఉన్నంత మాత్రాన అన్నీ బాగున్నట్టు కాదు, అది ఈ ఫార్ములాకి తెలీదు. ఇన్సులిన్ డబ్బాలు వెనక గోడకి ఆనుకుని ఉంటే గడ్డకట్టొచ్చు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపించే థర్మామీటర్ లోపల పెట్టి ఉదయం, సాయంత్రం పుస్తకంలో రాస్తాం, ఆ పుస్తకం పక్కన పెట్టుకునే ఫ్రిజ్ లైన్లు ఓకే చేశా. కరెంటు పోయిన రోజులు అందులోనే తెలుస్తాయి.

ఫైల్లో లిస్టు వచ్చాక నేరుగా పంపలేదు, ర్యాక్ దగ్గరకెళ్ళి ప్రతి లైన్‌నీ చేత్తో పట్టుకుని బ్యాచ్, డేట్, క్వాంటిటీ చూశాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా ర్యాక్‌లో లేనివి ఉంటాయి, కట్ చేసిన స్ట్రిప్స్ ఉంటాయి. కట్ స్ట్రిప్ చాలామంది స్టాకిస్ట్‌లు తీసుకోరు, మనమైనా అమ్మాలంటే బ్యాచ్, డేట్ కనబడాలి, కాబట్టి మాత్రలు కత్తిరించేటప్పుడు డేట్ అచ్చయిన వైపు చివరిదాకా ఉంచి రెండో వైపు నుంచి కత్తిరించమని మా కుర్రాళ్ళకి మళ్ళీ చెప్పాను. డేట్ అయిపోయినవి ఒక అట్టపెట్టెలో వేసి పైన NOT FOR SALE అని పెద్దగా రాసి, అమ్మే స్టాక్‌కి దూరంగా పెట్టాం, రూల్ 65 లో అలాగే ఉంది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు ముందు అడిగేదీ అదే.

రిటర్న్ కాగితంలో ఒక్కో లైన్‌కి మందు పేరు, కంపెనీ, బ్యాచ్, ఎక్స్‌పైరీ, మిగిలిన రోజులు, క్వాంటిటీ, కొన్న ఇన్‌వాయిస్ నంబర్, కారణం రాశాను. లాటనోప్రోస్ట్‌కి కారణం దగ్గర స్టోరేజీ అని ఉన్నది ఉన్నట్టే రాశా, డేట్ బాగానే ఉంది కదా మామూలు రిటర్న్‌లో కలిపేద్దాం అంటే నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే అది అక్కణ్ణుంచి ఇంకో షాపుకి వెళ్తుంది. దానికి క్రెడిట్ రాదని స్టాకిస్ట్ చెప్పేశాడు, మా తప్పే కదా, ఆ డబ్బు షాపుకే నష్టం, దాన్ని తిరిగి తీసుకుని డేట్ అయిపోయిన మందులతో పాటు పడేయడానికి పంపే పెట్టెలో వేసేశాం.

మిగతావాటికి క్రెడిట్ నోట్ వచ్చింది, లైన్ లైన్‌గా కలిపి చూస్తే టెల్మిసార్టన్ ఒక్కటి లేదు, ఫోన్ చేస్తే ఆ కంపెనీ ఎక్స్‌పైరీ అయ్యాకే తీసుకుంటుందని చెప్పారు. సరే అని దాన్ని ర్యాక్‌లో ముందుకి తెచ్చి, నెలకి సరిపడా కొనేవాళ్ళకి మాత్రమే ఇవ్వాలని, ఆగస్టు మొదటి నుంచి ఆపేయాలని స్టిక్కర్ అంటించాను.