ఒకే ఏడాదిలో రెండు రంజాన్ సీజన్లు

కడపలో మాది చిన్న బట్టల షాపు. చీరలు, డ్రెస్ మెటీరియల్, పిల్లల రెడీమేడ్ అమ్ముతాం. 2025 జూన్‌లో, సరుకు కొనడానికి బ్యాంకు ఇచ్చే సీసీ అప్పు లిమిట్ పెంచమని అడగడానికి వెళ్తే, వచ్చే మార్చి దాకా నెలవారీ అమ్మకాల అంచనా రాసుకు రమ్మన్నారు. చిన్న వ్యాపారాలకు అంచనా టర్నోవర్‌లో 20 శాతం చొప్పున లిమిట్ లెక్క కడతారు. కాబట్టి ఆ కాగితం మీద నేను రాసే అంకె మీదే అంతా ఆధారపడి ఉంది.

మొదట తేలిక దారి పట్టాను. 2023-24లో అమ్మకం 52 లక్షలు, 2024-25లో 61 లక్షలు. అంటే 17 శాతం పెరుగుదల. అదే లెక్కన 2025-26కి 71 లక్షలు వేసి, నెలలకు కూడా పోయిన ఏడాది అంకెల మీద 17 శాతం కలుపుకుంటూ పోయాను. ఏప్రిల్ దగ్గరే చెయ్యి ఆగింది. 2025 ఏప్రిల్ అప్పటికే అయిపోయింది, ఆ నెల షాపు దాదాపు ఖాళీ. కానీ నా కాగితం మీద అది పెద్ద అమ్మకాల నెల.

మా నాయన ఆ కాగితం చూసి, "నెలల్ని చూస్తావేందిరా, పండగ ఎప్పుడొచ్చిందో చూడు" అన్నాడు. చిట్టా పుస్తకాలు, పాత క్యాలెండర్లు ముందు పెట్టుకుని కూర్చున్నాం.

2024లో ఉగాది ఏప్రిల్ 9, రంజాన్ ఏప్రిల్ 11. 2025లో ఉగాది మార్చి 30, రంజాన్ మార్చి 31. మా ఊళ్లో ఈ రెండూ కలిసొస్తే షాపుకు అదే పెద్ద సీజన్. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు కూడా వెళ్లే ఊరు ఇది. కొత్త బట్టలు రెండు ఇళ్లలోనూ కొంటారు. 2024 సీజన్ చివరి పదకొండు రోజులు ఏప్రిల్‌లో పడ్డాయి, అమ్మకం జోరుగా ఉండేది ఆ రోజుల్లోనే. ఆ 6 లక్షలు 2024-25 ఖాతాలోకి వచ్చాయి. 2025 సీజన్ మొత్తం, 12 లక్షలు, మార్చి 31తో ముగిసి అదే ఖాతాలో కూర్చుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకటిన్నర సీజన్ పడిందన్నమాట. నేను వ్యాపారం పెరిగిందని సంబరపడిన దాంట్లో చాలా భాగం ఇదే.

అప్పుడు తేదీలు వదిలేసి, రంజాన్‌కు ఎన్ని రోజుల ముందు ఎంత అమ్మామో రాశాను. కంప్యూటర్లో F1 గడిలో పండగ తేదీ, A వరసలో అమ్మకాల తేదీలు పెట్టి, ప్రతి రోజుకూ తేడా తీసుకుంటే చాలు:

```
=$F$1-A2
```

పండగతో ముగిసే 31 రోజులు తీసుకుంటే 2024లో 11 లక్షలు, 2025లో 12 లక్షలు. మిగతా రోజుల్లో పెరుగుదల 5 శాతం లోపే. ఇక లెక్క సులువైంది. 61 లోంచి సీజన్ల 18 తీసేస్తే 43. దానికి 5 శాతం కలిపితే 45. 2026 ఉగాది మార్చి 19న, రంజాన్ దాని వెంటనే. ఆ సీజన్ పూర్తిగా 2025-26లోనే పడుతుంది కాబట్టి ఇంకో 13. మొత్తం 58 లక్షలు.

వ్యాపారం పెరుగుతుంటే టర్నోవర్ తగ్గుతుందని బ్యాంకులో చెప్పడం ఎలా? ఆ రాత్రి నిజంగా టెన్షన్ పడ్డాను. 71 రాస్తే లిమిట్ 14 లక్షలు దాటుతుంది, 58 రాస్తే పదకొండున్నర. కానీ 71 నమ్మి సరుకు దించితే, రంజాన్ మర్నాడు మిగిలిపోయిన పిల్లల డ్రెస్సులు ఎవరికి అమ్మాలి? 58 రాసి, రెండు సీజన్ల రోజువారీ అమ్మకాలు పక్కపక్కన పెట్టిన కాగితం జత చేశాను. మేనేజర్ గారు రెండుసార్లు చదివి, "సరుకుకు డబ్బు ఏ నెలలో కావాలి?" అని మాత్రం అడిగారు. జనవరి, ఫిబ్రవరి అని చెప్పాను. లిమిట్ వచ్చింది.

2026 మార్చి 31న చూసుకుంటే 57 లక్షలు. ఆ తగ్గిన లక్ష సీజన్‌లోదే. 2024లో పండగ జీతాలు పడిన వారానికే వచ్చింది. ఈసారి నెల మూడో వారం. పిల్లల బట్టలు ఎప్పటిలాగే పోయాయి కానీ ఖరీదు చీరలు నిలిచిపోయాయి. జీతం తేదీకి పండగ ఎంత దూరమో అనే గడి నా లెక్కలో లేదు. ఇప్పుడు కలిపాను.

2026-27కి అంచనా వేస్తుంటే ఇంకోటి కనబడింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. దాంతో తర్వాతి ఉగాది ఆలస్యంగా వస్తుంది. రంజాన్ వచ్చే హిజ్రీ లెక్కలో అధిక మాసం ఉండదు. అందుకే మూడేళ్లు జంటగా వచ్చిన పండగలు విడిపోతున్నాయి. 2027లో రంజాన్ మార్చి 10 ప్రాంతంలో, ఉగాది ఏప్రిల్ 7న. అంటే 2026 ఏప్రిల్ నుంచి 2027 మార్చి దాకా ఉన్న ఆర్థిక సంవత్సరంలో ఉగాదే లేదు. మార్చి చివర్లో కొందరు ముందుగా కొనుక్కుంటారు, అంతే. రెండు పండగలు వేర్వేరుగా వస్తే ఎంత అమ్ముతామో తెలియాలంటే 2023 చూడాలి. అప్పుడు ఉగాది మార్చి 22, రంజాన్ ఏప్రిల్ 22. ఆ ఏడాది చిట్టా అటక మీద ఉందని నాయన చెప్పాడు. రేపు దించాలి.