ఆషాఢం మీద పడ్డ నింద

సోమవారం. ల్యాప్‌టాప్ తెరిచేసరికే మేం యాడ్స్ చూసే చీరల షాపు మేడమ్ నుంచి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వచ్చి ఉంది. సైట్‌లో ఎవరు ఏం చేశారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్, అదే జీఏ4లో పర్చేజ్ గీత గురువారం దాకా బానే నడిచి శుక్రవారం సగానికి పైగా పడిపోయింది, శనివారం కూడా అంతే. కింద ఆవిడ మెసేజ్, "ఆషాఢం కదండీ, పెళ్లిళ్లు లేవు, పట్టు ఎవరు కొంటారు, యాడ్స్ బడ్జెట్ సగం చేసేయండి, శ్రావణం ముందు మళ్లీ పెంచుదాం." ఆవిడ అనుకున్నదాంట్లో తప్పేం లేదు, ఆషాఢంలో పట్టు చీరల అమ్మకాలు తగ్గడం ఏటా చూసేదే. అదే అసలు ఇబ్బంది, నమ్మదగ్గ కారణం ఒకటి రెడీగా ఉంటే ఇక లోపలికి ఎవరూ చూడరు.

నాకు మాత్రం ఆ గీత షేప్ చూడగానే అనుమానం వచ్చింది. ఆషాఢం వల్ల తగ్గితే మెల్లగా తగ్గుతుంది, ఓ వారం పది రోజులు జారుతూ ఉంటుంది, ఇది మెట్టు దిగినట్టు దిగి అక్కడే ఆగిపోయింది. జీఏ4లో ఎక్స్‌ప్లొరేషన్ తెరిచి డేట్ పక్కన అవర్ పెట్టి చూశా, గురువారం సాయంత్రం ఏడింటి దాకా గంటకి నాలుగో ఐదో ఆర్డర్లు, ఏడు దాటాక ఒకటీ రెండూ. జనాలకి కొనబుద్ధి పోవడం అలా గడియారం చూసుకుని జరగదు కదా. మామూలుగా ఆ షాపుకి రాత్రి తొమ్మిది నుంచి పదకొండు మధ్యే ఎక్కువ ఆర్డర్లు, ఆ టైంలో కూడా అంతే తక్కువ.

ఇంకోటి చూశా, చీర చూడటం నుంచి కొనడం దాకా మెట్ల వరస. `view_item` అంతే ఉంది, `add_to_cart` అంతే ఉంది, `begin_checkout` కూడా అంతే ఉంది, ఒక్క `purchase` మాత్రం పడింది. డిమాండ్ తగ్గితే ముందు కార్ట్‌లో వేసేవాళ్లే తగ్గాలి. చెకవుట్ దాకా అంతే మంది వచ్చి చివర్లో సగానికి పైగా మాయమయ్యారంటే రెండే ఉంటాయి, పేమెంట్ నిజంగా ఫెయిల్ అవుతుండాలి, లేదా పేమెంట్ అవుతోంది కానీ మనకి లెక్క రావట్లేదు. ఈ రెండూ జీఏ4లో అచ్చం ఒకేలా కనిపిస్తాయి, అందుకే జీఏ4 ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే తేలదు.

తేల్చేది షాపు బ్యాకెండ్, అంటే ఆర్డర్లు అసలుగా నమోదయ్యే చోటు. మేడమ్‌ని అడిగి శుక్రవారం ఆర్డర్ల ఎక్స్‌పోర్ట్ తెప్పించుకున్నా. శనివారం, ఆదివారం కాకుండా శుక్రవారమే ఎందుకంటే జీఏ4 లెక్క పూర్తిగా సర్దుకోవడానికి 24 నుంచి 48 గంటలు పట్టొచ్చు, నిన్నటి నంబర్ ఇవాళ చూసి కంగారు పడితే అదొక తలనొప్పి. గూగుల్ యాడ్స్‌లో ఇది ఇంకా ఎక్కువ, అక్కడ కన్వర్షన్‌ని, అంటే యాడ్ వల్ల వచ్చిన ఆర్డర్‌ని, క్లిక్ చేసిన రోజు ఖాతాలో వేస్తారు కాబట్టి గత రెండు మూడు రోజులు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తాయి, తర్వాత నిండుతాయి.

ఎక్స్‌పోర్ట్‌లో శుక్రవారం ఆర్డర్లు 86. జీఏ4లో 34. మామూలు రోజుల్లో ఈ షాపుకి బ్యాకెండ్‌లో 90 ఉంటే జీఏ4లో 82 దాకా వస్తాయి, మిగతావి యాడ్ బ్లాకర్ల వల్ల, యూపీఐ యాప్‌లో డబ్బు కట్టేసి మళ్లీ బ్రౌజర్‌కి రాకుండా వెళ్లిపోయేవాళ్ల వల్ల పోతాయి. నూటికి నూరు ఎప్పుడూ కలవదు, కలవాలని కూర్చోకూడదు కూడా. కానీ తొంభై శాతం కలిసేది నలభైకి పడిందంటే ఇక ఆషాఢం మాట పక్కన పెట్టొచ్చు, ఆషాఢం వల్ల తగ్గితే బ్యాకెండూ జీఏ4 కలిసి తగ్గుతాయి, వాటి మధ్య తేడా పెరగదు.

సరే, అమ్మకం జరిగిందని జీఏ4కి కబురు పంపే ట్యాగ్ పోయింది, కానీ పూర్తిగా పోతే సున్నా రావాలి, 34 ఎందుకొచ్చాయి? అసలు ఇలా సగం సగం పోవడమే ప్రమాదం. సున్నా వచ్చి ఉంటే శుక్రవారమే అందరూ అరిచేవాళ్లు. జీఏ4లో ట్రాన్సాక్షన్ ఐడీల లిస్ట్ దింపుకుని ఎక్స్‌పోర్ట్‌లో ఆర్డర్ నంబర్ల పక్కన, రెండు లిస్టుల్నీ పోల్చే వీలుకప్ కొట్టా, దొరకనివన్నీ ఒకవైపుకి సార్ట్ చేశా, తర్వాత ఒక్కో కాలమ్ చూసుకుంటూ పోయా. ఊరు వల్ల తేడా లేదు, ఫోనా కంప్యూటరా అన్నదాని వల్ల తేడా లేదు, చీర ధర వల్లా లేదు. పేమెంట్ కాలమ్‌కి వచ్చేసరికి మొత్తం విడిపోయింది. సీఓడీ ఆర్డర్లు 36, వాటిలో 34 జీఏ4లో ఉన్నాయి. యూపీఐ, కార్డు కలిపి 50, ఒక్కటంటే ఒక్కటి లేదు.

డెవలపర్ కుర్రాడికి ఫోన్ చేసి "గురువారం సాయంత్రం పేమెంట్ దగ్గర ఏమన్నా ముట్టుకున్నావా తమ్ముడూ" అంటే, "అవునన్నా, పేమెంట్ గేట్‌వే మార్చాం, ఆరున్నరకి లైవ్ చేశాం, ఆర్డర్లు పడుతున్నాయిగా, ఏమైంది" అన్నాడు. ఆర్డర్లు పడుతున్నాయి నిజమే, వాడి పని వరకు వాడు కరెక్టే. పాత గేట్‌వేలో డబ్బు కట్టాక కస్టమర్ `/checkout/thank-you` పేజీకి వచ్చేవాడు, సీఓడీ వాళ్లూ అక్కడికే. కొత్తదాంట్లో డబ్బు కట్టినవాళ్లు `/payment/status` అనే పేజీకి వస్తున్నారు, సీఓడీ వాళ్లు మాత్రం పాత పేజీకే. ట్యాగుల్ని నడిపే గూగుల్ ట్యాగ్ మేనేజర్, అదే జీటీఎంలో మన పర్చేజ్ ట్యాగ్ ఎప్పుడు పేలాలో చెప్పే ట్రిగ్గర్ ఏమో పేజీ పాత్‌లో `/checkout/thank-you` ఉంటేనే పేలేలా ఉంది, ఈ అకౌంట్ మా చేతికి రాకముందు ఎవరో పెట్టింది. జీటీఎం వర్షన్స్ చూస్తే నెల నుంచి ఎవరూ పబ్లిష్ చేయలేదు, అంటే ట్యాగ్‌ని ఎవరూ ముట్టుకోలేదు, దాని కింద నేల మారింది. ట్యాగ్ పోయిందనగానే జీటీఎం హిస్టరీ చూసి "మార్పులేం లేవు" అని వదిలేసేవాళ్లు చాలామంది, సైట్ రిలీజులు కూడా అడగాలి.

ఇంతలో మేడమ్ మళ్లీ మెసేజ్. "మా బ్యాకెండ్‌లోనే నిన్న తగ్గాయండీ, ఆదివారం 95 వచ్చేవి, నిన్న 78, మరి ఇది ట్యాగ్ ఎలా అవుతుంది?" మంచి ప్రశ్న, ఇవాళ మొత్తంలో నాకు నచ్చింది ఇదే. శుక్రవారం తగ్గలేదు, ఆదివారం తగ్గింది, అదీ నిజంగానే తగ్గింది. సెషన్స్, అంటే సైట్‌కి వచ్చిన విజిట్లు చూశా, మామూలు ఆదివారం ఐదు వేలు, నిన్న 4,100. వందకి ఎంతమంది కొన్నారని బ్యాకెండ్ ఆర్డర్లతో లెక్కేస్తే అప్పుడూ 1.9, ఇప్పుడూ 1.9. అంటే వచ్చినవాళ్లు అలాగే కొంటున్నారు, వచ్చేవాళ్లే తగ్గారు. ఎక్కడ తగ్గారంటే యాడ్ లేకుండా వచ్చే ఆర్గానిక్, డైరెక్ట్ అలాగే ఉన్నాయి, గూగుల్ యాడ్స్ నుంచి వచ్చేవాళ్లే తగ్గారు. రోజుకి ఇరవై వేలు ఖర్చయ్యే అకౌంట్‌లో ఆదివారం పద్నాలుగు వేలే ఖర్చయ్యాయి.

విషయం ఏంటంటే ఆ క్యాంపెయిన్లు టార్గెట్ రోయాస్ మీద నడుస్తున్నాయి, అంటే పెట్టిన ఖర్చుకి ఇంత అమ్మకం రావాలని చెప్పి బిడ్లు గూగుల్‌కే వదిలేయడం. గూగుల్‌కి వెళ్లే కన్వర్షన్ కూడా అదే ట్రిగ్గర్ మీద ఉంది, దానికి కూడా సీఓడీ ఆర్డర్లే కనిపిస్తున్నాయి, "ఈ క్లిక్కులకి ఇంత పెడితే ఇంతే వస్తోంది, టార్గెట్ అందట్లేదు" అని అది బిడ్లు తగ్గించుకుంటూ పోయింది. బిడ్లు తగ్గితే యాడ్లు తక్కువ కనిపిస్తాయి, జనం తక్కువొస్తారు, ఆర్డర్లు నిజంగానే తగ్గుతాయి. దొంగ పతనం మూడో రోజుకి అసలు పతనమైపోయింది. ఇలా ఇంకో వారం వదిలేసి ఉంటే ఆషాఢం కథ బ్యాకెండ్ లెక్కలతో సహా రుజువైపోయేది, మేడమ్ చెప్పినట్టు బడ్జెట్ కూడా సగం చేసి ఉంటే ఇంకా తొందరగా.

రిపేర్ దగ్గరకొస్తే, కుర్రాడు "అన్నా ట్రిగ్గర్‌లో కొత్త పాత్ కూడా కలిపేయండి, రెండు నిమిషాల పని" అన్నాడు. వద్దన్నా. ఆ `/payment/status` పేజీ పేమెంట్ ఫెయిలైనా అదే తెరుచుకుంటుంది, ఎర్ర అక్షరాల్లో "మళ్లీ ప్రయత్నించండి" అని. యూఆర్ఎల్ చూసి లెక్కేస్తే ఫెయిలైనవి కూడా అమ్మకాల్లో కలిసిపోతాయి, అప్పుడు గ్రాఫ్ పైకి లేస్తుంది కాబట్టి ఎవరూ అనుమానించరు కూడా. ఆర్డర్ కన్ఫర్మ్ అయిందని సర్వర్ చెప్పినప్పుడు మాత్రమే, ఏ పేజీ అయినా సరే, ఇది పంపమన్నా:

```
dataLayer.push({
  event: 'purchase',
  ecommerce: {
    transaction_id: order.id,
    value: order.total,
    currency: 'INR',
    items: order.items
  }
});
```

జీటీఎంలో ట్రిగ్గర్‌ని పేజీ పాత్ నుంచి తీసేసి ఈ `purchase` ఈవెంట్ మీదకి మార్చా. మధ్యాహ్నం అన్నం తినేసి వచ్చేసరికి వాడు లైవ్ చేశాడు, ట్యాగ్ అసిస్టెంట్ ప్రివ్యూ ఆన్ చేసి ఒక బ్లౌజ్ పీస్ నేనే యూపీఐలో కొన్నా, నెట్‌వర్క్ ట్యాబ్‌లో `collect` అని ఫిల్టర్ పెడితే `en=purchase` వెళ్లింది, అందిందన్నట్టు సర్వర్ నుంచి 204 వచ్చింది. తర్వాత కావాలనే ఒక పేమెంట్ మధ్యలో క్యాన్సిల్ చేశా, ఏమీ వెళ్లలేదు. ఈ రెండో టెస్టే చాలామంది చేయరు. సీఓడీలో కూడా ఒకటి పెట్టి చూశా, పాతదీ కొత్తదీ కలిసి రెండుసార్లు పేలుతుందేమో అని, ఒక్కసారే వెళ్లింది.

గూగుల్ యాడ్స్‌లో డేటా ఎక్స్‌క్లూజన్ పెట్టా, ఈ రోజుల లెక్క చూసి బిడ్లు వేయొద్దని చెప్పడానికి. డేట్లు గురువారం నుంచి కాకుండా మంగళవారం నుంచి ఇచ్చా, ఎందుకంటే అది క్లిక్ తేదీల్ని చూస్తుంది, మంగళవారం క్లిక్ చేసి శుక్రవారం యూపీఐలో కొన్నవాళ్లు కూడా ఈ గుంతలో పడినవాళ్లే. ఇది బిడ్డింగ్‌ని మాత్రమే కాపాడుతుంది, రిపోర్టులో పోయిన ఆర్డర్లు తిరిగి రావు. సర్వర్ నుంచి నేరుగా జీఏ4కి పంపే మెజర్‌మెంట్ ప్రోటోకాల్‌తో వెనక్కి పంపొచ్చు కానీ అది 72 గంటల లోపువే తీసుకుంటుంది, పైగా ఆ ఆర్డర్లు ఏ బ్రౌజర్ నుంచి వచ్చాయో చెప్పే క్లయింట్ ఐడీ మన దగ్గర లేదు, పంపినా ఎక్కడ్నుంచి వచ్చారో తెలియని కుప్పలా పడతాయి. వదిలేశా. ఆ రోజులకి బ్యాకెండ్ నంబరే వాడమని షీట్‌లో నోట్ రాశా.

మేడమ్‌కి ఫోన్ చేసి బడ్జెట్ కదపొద్దని చెప్తే, "మరి ఆషాఢం ప్రభావం అస్సలు లేదంటారా" అంది. ఉండొచ్చండీ, శుక్రవారానికి 86 ఉన్నాయి, ఎప్పుడూ ఉండే 90కి అది పెద్ద తేడా కాదు, కానీ ఇంకో వారం చూడాలి, కార్ట్‌లో వేసేవాళ్లు తగ్గి, సీఓడీ ప్రీపెయిడ్ రెండూ తగ్గి, బ్యాకెండ్‌తో పోలిక మాత్రం తొంభై దగ్గరే ఉంటే అప్పుడు మీరన్నదే నిజం అన్నా. ఆవిడ షీట్‌లో ఆ పోలిక కాలమ్ ఒకటి పెట్టించుకుంది, ప్రీపెయిడ్‌కి వేరే, సీఓడీకి వేరే.

సాయంత్రం ఐదింటికి రియల్‌టైమ్‌లో పర్చేజ్‌లు వస్తూ కనిపించాయి, బ్యాకెండ్‌లో చూస్తే వాటిలో మూడు యూపీఐవే. ఫేస్‌బుక్ యాడ్స్‌కి ఆర్డర్ల సంగతి చెప్పే మెటా పిక్సెల్ కూడా ఆ పాత ట్రిగ్గర్ మీదే ఉందని ఆరింటికి గుర్తొచ్చింది, దాన్ని మార్చేశా కానీ అక్కడి క్యాంపెయిన్లు ఈ నాలుగు రోజుల్లో ఏం నేర్చుకున్నాయో రేపు కూర్చుని చూడాలి.