సొంత పొలానికీ ఒక ఖర్చు ఉంటుంది: నా ఎకానమీ ప్రిపరేషన్‌లో మలుపు

నిన్న పోటీ పరీక్ష తుది జాబితాలో నా నంబరు కనిపించింది. అనంతపురంలో నాతో పాటు గ్రంథాలయంలో చదువుకున్న మిత్రులు పుస్తకాల జాబితా అడుగుతున్నారు. పుస్తకాలు మీకు తెలిసినవే. నేను రాయదలచుకున్నది మొదటి ప్రయత్నంలో నన్ను దెబ్బతీసిన అవకాశ వ్యయం అనే ఒక్క భావన గురించి. ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్న వాటిలో మేలైనదాని విలువే అది.

దీనికి రూపమిచ్చినవాడు ఆస్ట్రియా ఆర్థికవేత్త ఫ్రెడరిక్ వాన్ వీజర్ అనీ, అంతర్జాతీయ వాణిజ్యానికి అన్వయించినవాడు హేబర్లర్ అనీ నాకు కంఠతా వచ్చు. అయినా 25,000 జీతం ఉన్న ఉద్యోగం ఎంచుకున్నవాడు 20,000, 15,000, 12,000 జీతాల ఉద్యోగాలు వదులుకుంటే అతని అవకాశ వ్యయం ఎంత అని ఒక మాక్ టెస్టులో అడిగితే, మూడూ కూడి 47,000 అని గుర్తించాను. జవాబు 20,000. కీ చూసి సరిదిద్దుకున్నానే తప్ప ఎందుకో ఆలోచించలేదు. అసలు పరీక్షలోనూ ఎకానమీలోనే మార్కులు పోయాయి, కటాఫ్ దాటలేకపోయాను.

ఫలితం వచ్చాక కళ్యాణదుర్గం వైపున్న మా ఊరికి వెళ్లాను. శనక్కాయ అమ్మిన రాత్రి మా నాయన లెక్క చెబుతుంటే నేను నోటుపుస్తకంలో రాశాను. నాలుగెకరాల మెట్ట మీద వచ్చింది 1,20,000. విత్తనం, సేద్యం, ఎరువులు, బయటి కూలీలు అన్నీ కలిపి పెట్టింది 88,000. "32,000 మిగిలింది, ఈసారి ఫర్వాలేదు" అన్నాడు నాయన.

అదే పొలం కౌలుకిస్తే ఎకరాకు 5,000 చొప్పున 20,000 వచ్చేది. అమ్మానాయనలు ఇద్దరూ కలిసి సొంత చేలో చేసిన 60 రోజుల పని వేరే రైతు దగ్గర చేసి ఉంటే, రోజుకు 300 చొప్పున 18,000 వచ్చేది. మొత్తం 38,000. శనక్కాయ వేయడం వల్ల మా ఇల్లు వదులుకున్నది అదీ. చేతికి వచ్చిన 32,000 లోంచి దాన్ని తీసేస్తే 6,000 నష్టం. ఖాతా లెక్కలో లాభం, ఆర్థికశాస్త్రం లెక్కలో నష్టం అని పుస్తకం చెప్పే తేడా ఇదే.

"సొంత భూమికి కౌలు ఎవురికి కట్టాలరా?" అని నాయన అడిగాడు. ఎవరికీ కట్టనక్కర లేదు, అయినా అది ఖర్చే. కౌలు రూపంలో రావలసింది రాకుండా పోయింది కాబట్టి.

ఆ రాత్రి నా పాత తప్పు మళ్లీ ఎదురైంది. కంది వేసి ఉంటే, మిగిలిపోయే రోజుల కూలితో సహా, 25,000 మిగిలేది. దాన్ని 38,000కు కలపబోయి ఆగాను. ఒకే పొలాన్ని ఒకే పంటకాలంలో కౌలుకిచ్చి, దాంట్లోనే మనం కంది ఎలా వేస్తాం? శనక్కాయ వేయకపోతే జరిగేది ఆ రెండింటిలో ఒకటే, కనుక లెక్కకు వచ్చేది మేలైన ఒకటే. కౌలునూ కూలినీ కూడవచ్చు, ఎందుకంటే అవి రెండూ కలిసి జరగగలవు. కూడే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే 47,000 వంటి ఆప్షన్ ఇక మోసం చేయలేదు.

మూడేళ్ల కిందట ఎండిపోయిన బోరుకు పెట్టిన 90,000 కూడా రాసి, కొట్టేశాను. శనక్కాయ వేసినా, కౌలుకిచ్చినా ఆ డబ్బు తిరిగి రాదు కనుక ఈ నిర్ణయంలో దానికి చోటు లేదు. ఇక కూలి సంగతి. 60 రోజులూ బయట పని దొరుకుతుందనుకుంటేనే 18,000. నిజానికి 30 రోజులే దొరికితే వదులుకున్నది 29,000 మాత్రమే, అప్పుడు శనక్కాయే 3,000 మేలు. అంటే ఈ వ్యయం పంటకు అంటిపెట్టుకుని ఉండదు, ఆ ఏడు ఆ ఇంటికి నిజంగా దొరికే ప్రత్యామ్నాయాన్ని బట్టి మారుతుంది.

రెండో ప్రయత్నం గురించి బంధువులు నన్ను చాలా మాటలన్నారు. మొదటి ఏడాది ఫీజు వృథా చేశావన్నారు. ఆ ఫీజు మా బోరు వంటిదే, చదివినా మానినా తిరిగి రాదు. నేను వేయవలసిన లెక్క, రెండో ఏడాదిలో వదులుకునే దుకాణం జీతం నెలకు 12,000, దానితో పాటు గది అద్దె. తిండి ఖర్చు ఇంట్లో ఉన్నా ఉండేదే కనుక, హాస్టల్లో ఎక్కువైనంత మటుకే కలిపాను. అంత వదులుకోవడానికి సిద్ధపడే కూర్చున్నాను, ఆ నిర్ణయం తప్పని ఈనాటికీ ఒప్పుకోను.

ఈ ఖరీఫ్‌లో అమ్మకు మోకాళ్ల నొప్పి, బయట కూలికి వెళ్లలేదు. నాయన తనే లెక్క వేసి, రెండెకరాలు కౌలుకిచ్చి, ఇంటి దగ్గరున్న రెండెకరాల్లో శనక్కాయ విత్తాడు.