రంగు ప్రమిద పని లోపలి నుంచి మొదలవ్వాలి

విజయనగరంలో సిరిమాను తిరిగాక దీపావళికి ఇంచుమించు రెండు వారాలు ఉంటాయి. నలభై ప్రమిదలకు రంగులేసి, అద్దాలు, పూసలు అంటించి, వార్నిష్ ఆరబెట్టడానికి ఆ గడువు చాలు. మధ్యలో ముసురు పడితేనే చిక్కు. ఈసారి మూడు అంగుళాల ప్రమిదలు నలభై తీసుకున్నాను. ప్రతిదాన్నీ వేలి గోటితో కొట్టి చూసి, ఖంగుమన్నవే ఏరాను. మొద్దుగా మోగేది సరిగా కాలనిది. దాని మీద ఎంత రంగేసినా మట్టితో పాటే రాలిపోతుంది.

అమ్మే ఆవిడ ఎప్పుడూ చెప్పే మాటే ఈసారీ చెప్పింది: "వెలిగించే ముందు నీళ్లల్లో నానబెట్టండి బాబూ, లేకపోతే నూనంతా అదే తాగేస్తాది." మామూలు ప్రమిదకు అది సరైన మాట. మట్టి గుల్లల్లోకి నీళ్లు చేరితే నూనెకు చోటుండదు. కానీ రంగు వేసిన ప్రమిదను పండగ రోజు నానబెట్టలేం, అద్దాలు ఊడి వస్తాయి. నానబెట్టకపోతే నూనె గోడలోకి ఇంకి, రంగును వెనక నుంచి తోస్తుంది. సాయంత్రం చక్కగా ఉన్న ప్రమిద తెల్లారేసరికి పొక్కులు లేచి కనబడడానికి కారణం రంగు కాదు, లోపల పోసిన నూనె. అందుకే నా పనిలో సగం పైకి కనబడని వైపే జరుగుతుంది.

నానబెట్టడం నేనూ మానను, కాకపోతే మొదట్లోనే చేస్తాను. రెండు గంటలు బకెట్లో ఉంచి, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే ఆవం బూడిద, మట్టి పొడి పోతాయి. సరిగా కాలనివేమైనా మిగిలి ఉంటే అంచు మెత్తబడి అక్కడే దొరికిపోతాయి. ఇక ఆరబెట్టడం దగ్గర చేతి అంచనాను నమ్మను, వంటింటి త్రాసును నమ్ముతాను. నానబెట్టక ముందు ఒక ప్రమిద తూచితే 48 గ్రాములు ఉంది. నీళ్లలోంచి తీసి తుడిచాక 55. మర్నాటి సాయంత్రానికి పైకి పొడిగా, లేత ఎరుపులో కనిపించినా త్రాసు మీద 51 చూపించింది. అంటే గోడలో ఇంకా మూడు గ్రాముల నీళ్లున్నాయన్నమాట. అప్పుడే గుల్లలు మూసేలా సీలు చేస్తే ఆ తేమకు బయటికి దారుండదు, పొర కింద తెల్లటి మచ్చలుగా తేలుతుంది. మూడో రోజు మళ్లీ 48కి వచ్చాకే బ్రష్ పట్టాను.

సీలుకు నీళ్లతో కలిసే యాక్రిలిక్ వార్నిష్ వాడతాను. మొదటి పూతకు మూడు వంతుల వార్నిష్‌కు ఒక వంతు నీళ్లు కలపాలి, పల్చగా ఉంటేనే గుల్లల్లోకి దిగుతుంది. లోపలా బయటా ఒకసారి వేసి, రెండు గంటలాగి, లోపల మాత్రం నీళ్లు కలపకుండా ఇంకో రెండు పూతలు వేస్తాను. వడ్రంగులు వాడే తెల్ల జిగురును నీళ్లలో కలిపి పూసేవాళ్లున్నారు. చవకే, కానీ తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది.

రెండు చోట్ల వార్నిష్ గానీ రంగు గానీ తగలనివ్వను. ఒకటి బయటివైపు అడుగు భాగం. ఎక్కడైనా తేమ మిగిలితే పోవడానికి ఆ దారి ఉండాలి. రెండోది వత్తి ఆనే మూతి, దాని చుట్టూ లోపలా బయటా వేలెడు వెడల్పు. మంట తగిలితే యాక్రిలిక్ పొర కమురుతుంది, వాసనా పొగా వస్తాయి. మూతి ఉత్త మట్టి కాబట్టి అక్కడ కాస్త నూనె ఇంకుతుంది. మూడు నాలుగు గంటలు వెలిగాక నల్లెరుపు మరక కొద్దిగా పాకుతుంది కూడా. దాన్ని ఆపాలని చూడను. మూతి పక్కన మెరూన్ గానీ ముదురు గోధుమ గానీ వేస్తే మరక రంగులో కలిసిపోతుంది. అక్కడ లేత పసుపు వేస్తే మాత్రం తప్పు చేసినట్టే.

రంగు వేయడం తేలికైన భాగం. పసుపు, గులాబీ లాంటివి మట్టి ఎరుపు మీద మురికిగా కనిపిస్తాయి కాబట్టి వాటి కింద తెలుపు ఒక పూత ఉండాలి. ముదురు నీలం, ఆకుపచ్చలకు అక్కర్లేదు. ఏదైనా రెండు పల్చటి పూతలు, మధ్యలో అరగంట.

అద్దాల దగ్గర మళ్లీ నిదానించాలి. ప్రమిద గోడ గుండ్రం, అద్దం బల్లపరుపు. సెంటీమీటరు అద్దం పెడితే మధ్యలో ఆనుతుంది, రెండు అంచుల దగ్గర ఇంచుమించు పోస్టుకార్డు మందం ఖాళీ మిగులుతుంది. అయిదు మిల్లీమీటర్ల ముక్కకైతే ఆ ఖాళీ నాలుగో వంతుకు తగ్గుతుంది. ఊడిపోయిన అద్దాల్లో ఎక్కువ పెద్దవే కావడానికి అదే కారణం. గ్లూ గన్ జిగురు చిటికెలో అంటుకుంటుంది గానీ మూతి వేడికి మెత్తబడి అద్దం జారుతుంది. ఘాటైన వాసనొచ్చే కొన్ని జిగుర్లు అద్దం వెనక పూతను తినేసి నల్ల చుక్కలు తెస్తాయి. నేను చిక్కటి క్రాఫ్ట్ జిగురు చుక్క పెట్టి, అద్దాన్ని చిమటాతో ఉంచి, రాత్రంతా వదిలేస్తాను. మర్నాడు ఉబ్బుగా గీత పడే త్రీడీ కోన్‌తో చుట్టూ గట్టు కడతాను. చూడ్డానికి అది అలంకారమే, అద్దాన్ని పట్టి ఉంచేదీ అదే.

పూసలు గాజువే కావాలి. అనుమానముంటే కాల్చిన సూది ఆనించండి, ప్లాస్టిక్ అయితే సూది దిగుతుంది. అంచు వెంట ఒక్కొక్కటీ అతికిస్తే వరస వంకర పోతుంది. దారానికి గుచ్చి, జిగురు గీత మీద ఆ దారాన్నే పరిస్తే పది నిమిషాల పని. మూతికి రెండు వేళ్ల దూరంలోనే వరస ఆపేయాలి.

ఇదంతా ఒక రోజు ఆరాక బయట ఆఖరి వార్నిష్. అద్దాల మీద పడితే మసకబారుతాయి, పడిన వెంటనే తడిగుడ్డ కొసతో తుడిచెయ్యాలి. న్యూస్ పేపర్ మీద ఆరబెడితే అంచున జారిన వార్నిష్‌కి కాగితం అంటుకుని అక్షరాలతో సహా వస్తుంది. సీసా మూతలు బోర్లించి, వాటి మీద ప్రమిదలు నిలబెడితే ఆ బాధ లేదు. ఎండలో పెట్టను. పైపొర ముందే బిగిసి, లోపలి తడి బుడగలు లేపుతుంది. నీడ, గాలి చాలు. ముసురు రోజుల్లో వార్నిష్ పాలలా తెల్లబారి అలాగే ఉండిపోతే ఇంకో పూత వెయ్యకూడదు. ఫ్యాను కింద రెండు రోజులు వదిలేస్తే చాలావరకు తేటపడుతుంది. ఆరిందనుకున్నాక కూడా ఒకదానిలో ఒకటి పేర్చితే అంటుకుంటాయి, మధ్యలో బటర్ పేపర్ ఉండాలి.

పండగకు మూడు రోజుల ముందు నలభైలో నాలుగింట్లో మూతి కిందిదాకా నూనె పోసి తెల్లకాగితం మీద రాత్రంతా ఉంచాను. మూడు శుభ్రంగా ఉన్నాయి, ఒకదాని కింద రూపాయి బిళ్లంత మరక కనిపించింది. దీపం ముందుకు పెట్టి లోపల చూస్తే అడుగున బ్రష్ తగలని చోటు మెరుపు లేకుండా ఉంది. మిగతా ముప్పై ఆరూ అలాగే దీపం వెలుగులో చూశాను. ఇంకో అయిదింటికి అదే లోపం, వాటికి మాత్రం లోపల ఇంకో పూత పడింది. నూనె ఇంకినదానికి ఇక వార్నిష్ పట్టదు, అది అద్దాలతో అలా అలమరలోకి వెళ్లింది.

వెలిగించేటప్పుడు వత్తి కొస మూతి దాటి బియ్యపు గింజంత ఉంటే చాలు. నూనె అడుగంటక ముందే దీపం కొండెక్కించాలి, లేకపోతే వత్తి లోపలికి కాలుతూ వచ్చి వార్నిష్‌నే అంటుకుంటుంది.